ఎవరూ గోల్ వేయని ఇరవై నిమిషాలు

మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది: మీర్‌పేట్ జట్టు ఓడిపోయి, రెఫరీ మీద అరిచి, అలిగి వెళ్లిపోయిందట. శుద్ధ అబద్ధం. వాళ్లు చివరి మ్యాచ్ నాలుగు–సున్నాతో గెలిచారు. రెఫరీని పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు ఎల్బీ నగర్ టర్ఫ్‌లో రెఫరీ మీద అరిచింది ఒక్కరే. నేను.

జట్టుకి ఆరుగురు చొప్పున ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడదామన్నది మా కాలనీ అసోసియేషన్. నోరున్నదాన్ని కనుక పని నా మీద పడేశారు. రూల్స్ ఒక్క పేజీలో రాశాను: పది నిమిషాల చొప్పున రెండు సగాలు, ఆఫ్‌సైడ్ లేదు, బంతి బయటికి పోతే కాలితో లోపలికి తన్నాలి. గ్రూపుకి నాలుగు జట్లు, ఒక్కొక్కరూ మిగతా ముగ్గురితో ఆడాలి, పై రెండు సెమీస్‌కి. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి; సమానమైతే గోల్స్ తేడా చూస్తాం. రెఫరీలు డబ్బు తీసుకోని వాళ్లే, అందులో పెద్దాయన ఒక స్కూల్లో పీఈటీ సారు.

మీర్‌పేట్‌కి నేనే వెళ్లి పిలిచాను. జట్టు కెప్టెన్ ఇళ్లకు రంగులు వేసే మనిషి.

"మేడం, మీ కాలనీ టోర్నమెంట్‌ల మీ కాలనీయే గెలుస్తది గద. మేమొచ్చి ఏం జెయ్యాలె?" అన్నాడు నవ్వుతూ.

"అలా జరిగితే నా చెంప పగలగొట్టు," అన్నాను.

"అంత మాటెందుకు మేడం, ఒస్తం."

గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకేసారి జరగాలని, ఆ అరగంటకి పక్క టర్ఫ్ కూడా అడిగి ఉంచాను. అవతలి స్కోరు తెలిసి ఆడితే అది ఆట కాదని పీఈటీ సారే నాకు చెప్పాడు. అయితే ముందు రోజు మా ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు.

"చీఫ్ గెస్ట్ గారు పదింటికి గానీ రారండీ. మన పిల్లల మ్యాచ్ ఆయన చూడాలి కదా! మీర్‌పేట్ వాళ్లది ముందు ఆడించేసి మనది చివర పెట్టండి. ఆ రెండో టర్ఫ్ మానేస్తే ఆ అద్దెతో శాలువా, బొకే వచ్చేస్తాయి."

ప్రతిదానికీ వాదించే నేను ఆ రోజు వాదించలేదు. టిఫిన్లు, జెర్సీలు, అంబులెన్స్ అంటూ అప్పటికి నూటొక్క ఫోన్లు మాట్లాడి ఉన్నాను. "సరే" అన్నాను. కొత్త షెడ్యూలు నా చేత్తోనే వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఆదివారం మీర్‌పేట్ వాళ్లు గడ్డిఅన్నారం పండ్ల దుకాణాల జట్టు మీద నాలుగు గోల్స్ వేశారు. ఆ గెలుపు, అంతకుముందు రెండు డ్రాలు కలిపి వాళ్లవి ఐదు పాయింట్లు. మా కాలనీకి నాలుగు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టల్ జట్టుకి నాలుగు. ఈ ఇద్దరిలో ఎవరు ఓడినా బయటికి, మీర్‌పేట్ సెమీస్‌కి. డ్రా అయితే ముగ్గురికీ ఐదేసి. పండ్ల దుకాణాల వాళ్ల మీదే మావాళ్లు ఐదు, హాస్టల్ వాళ్లు ఆరు గోల్స్ తేడాతో గెలిచి ఉన్నారు కాబట్టి మీర్‌పేట్ ఇంటికి.

ఈ లెక్క అందరికంటే ముందు ఆడేవాళ్లకే తెలిసింది. విజిల్ ఊదాక మావాళ్లు బంతిని వెనక్కి ఇచ్చుకున్నారు. కాసేపటికి హాస్టల్ పిల్లలకి వదిలారు. వాళ్లూ వెనక్కే. గోల్‌కీపర్ ఒకడు పోస్టుకి ఆనుకుని నిలబడ్డాడు. శాలువాతో కూర్చున్న చీఫ్ గెస్ట్ చప్పట్లు కొడుతున్నాడు.

నేను మైదానం గీత దగ్గరికి పరిగెత్తాను. రెఫరీ పీఈటీ సారే. "విజిల్ వెయ్యండి సార్! ఏమిటీ నాటకం?"

"ఏ రూల్ కింద ఎయ్యాలె మేడం? బాల్ నడుస్తనే ఉంది. మీరు రాసిన కాయితంల గోల్ కొట్టాలని లేదు గద."

మా కెప్టెన్ని, ఎదురింటి అబ్బాయినే, పేరు పెట్టి పిలిచి తిట్టాను. "ఆంటీ, మేమేం ఫౌల్ చేశాం?" అన్నాడు. ఏమీ చేయలేదు. అదే కదా నా ఏడుపు. మ్యాచ్ ఆపే అధికారం నాకు లేదు, షెడ్యూలు మార్చే గడువు దాటిపోయింది, మాట్లాడటానికి నోరు తప్ప నా చేతిలో ఏమీ లేదు.

మీర్‌పేట్ వాళ్లు నెట్ పక్కన నిలబడి మొత్తం చూశారు. సున్నా–సున్నా. కెప్టెన్ బూట్లు విప్పి కవర్లో పెట్టుకుంటూ అడిగాడు: "మేడం, మొదాలు ఇచ్చిన కాయితంల రెండు మ్యాచ్‌లు ఒక్కటే టైమ్‌కుండె. ఎవరు మార్పిచ్చిన్రు?"

"నేనే," అన్నాను. ప్రెసిడెంట్ పేరు చెప్పడానికి నోరు రాలేదు, శాలువా మాట అసలే రాలేదు.

అతను తల ఊపాడు. పీఈటీ సారుకి చెయ్యిచ్చాడు, మావాళ్లకీ ఇచ్చాడు. జట్టంతా మూడు బైకుల మీద ఎక్కి వెళ్లిపోయారు. అలిగి కాదు.

ఈసారి మళ్లీ టోర్నమెంట్ పెడుతున్నాం. రూల్స్ పేజీలో మొట్టమొదటి లైను నాదే: చివరి రెండు మ్యాచ్‌లు ఒకే సమయానికి, చీఫ్ గెస్ట్ ఎప్పుడు వచ్చినా సరే. ఫోటో తీసి మీర్‌పేట్‌కి పంపి, ఫోన్ కూడా చేశాను.

"చూస్తం మేడం," అని పెట్టేశాడు.

జట్ల పేర్లు ఇవ్వడానికి ఇంకా వారం ఉంది. నాకు తెలియాల్సింది ఒక్కటే. అతను 'చూస్తం' అన్నది పెయింట్ పని చూసుకుని వస్తామనా, లేక ఇంకోసారి పిలవకు తల్లీ అనా?