జల్లెడక్క కొట్టేసిన నిమిషాలు

మా ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడక్క అనేవారు. ముఖం మీదే అనేవారు. ఆమె ఏమీ అనుకునేది కాదు. పేరు పెట్టినవాడు ఎవడో కనుక్కుని, వాడు ఏ ఉద్దేశంతో పెట్టాడో మాత్రం ఒక నెలరోజులు ఆరా తీసిందట.

టైర్ల దుకాణం మీద, ఎండాకాలం రబ్బరు వాసనతో ముక్కు పగిలే రెండు గదులు మావి. అద్దాల మేడల్లో చదువుకున్నవాళ్ళు చేసే పనినే మేము అక్కడ చేసేవాళ్ళం. షేరును పొద్దున కొని, బజారు మూసేలోపు అమ్మేయాలి. ఎప్పుడు కొనాలి, ఎప్పుడు వదిలించుకోవాలి అన్న లెక్కను ముందు పాత ధరల మీద నడిపి చూస్తారు. అక్కడ నిలబడితే నిజం బజారులో దించుతారు. యజమానిని పెద్దాయన అనేవాళ్ళం. లెక్కలు రాసేవాడికి అల్లుడని పేరు. అతను ఎవరికీ అల్లుడు కాడు. చేరిన రోజే పెద్దాయన అతనికి ఏసీ ఎదురుగా కుర్చీ వేయించి, రెండుసార్లు టీ తెప్పించాడు, అందుకు. నేను కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. నాకు కుర్చీ కూడా సరిగా ఉండేది కాదు, అది వేరే సంగతి.

పాత ధరలను శుభ్రం చేయడం జల్లెడక్క పని. ప్రతి షేరుకీ నిమిషానికో వరుస ఉంటుంది: ఆ నిమిషం మొదటి ధర, పై ధర, కింది ధర, చివరి ధర, ఎన్ని షేర్లు చేతులు మారాయి. వినడానికి బాగానే ఉంటుంది. లోపలికి వెళ్తే గాని తెలియదు అందులో ఎంత చెత్త ఉంటుందో. నాలుగు వందల షేరు ఒక్క నిమిషం నలభైకి పడి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నాలుగు వందల్లో కూర్చుంటుంది. దశాంశ చుక్క ఒక అంకె జారిందన్నమాట. కొన్ని నిమిషాలు అసలు ఉండవు. అవి ఎందుకు లేవో తేల్చడంలోనే ఆమె పనితనం. ఆ నిమిషంలో అన్ని షేర్లూ మాయమైతే లైను తెగినట్టు. ఆ చోటును ఖాళీగానే ఉంచి గుర్తు పెట్టేది. అన్నీ ఉండి, ఎవరికీ పట్టని ఒక్క షేరు లేకపోతే, దాన్ని ఎవరూ కొనలేదని అర్థం; పాత ధరనే ఉంచి, చేతులు మారినవి సున్నా అని వేసేది.

అంతకుముందు ఆమె కరెంటు బిల్లుల ఆఫీసులో మీటరు రీడింగులు సరిచూసేది. తాళం వేసిన ఇంట్లో నెలకు వెయ్యి యూనిట్లు ఎలా కాలుతాయని అడిగినందుకు రీడింగులు తీసేవాళ్ళంతా ఆమెను చూస్తే మొహం తిప్పుకునేవారట. అనుమానం ఆమెకు జబ్బు కాదు, జీవనాధారం. భర్త లేతు మిషను మీద పనిచేసేవాడు. ఒకసారి ఆఫీసుకు క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, మెట్ల మీద నాతో అన్నాడు:

"నిన్న ఆలస్యమైందంటే ఓవర్‌టైమని చెప్పానయ్యా. నమ్మింది. నమ్మి, మా మేస్త్రీకి ఫోన్ చేసి అడిగింది."

"ఒకే చోట విన్నది వార్త కాదండీ," అంది అప్పుడే మెట్లు దిగి వచ్చిన ఆమె, క్యారేజీ మూత విప్పి వాసన చూస్తూ.

ఆ ఏడాది అల్లుడు ఒక లెక్క తెచ్చాడు. చాలా సులువైనది. బజారు మొత్తం పైకి పోతున్నప్పుడు, గత అరగంటలోని పై ధరను షేరు దాటగానే కొనాలి, పెరుగుతూ పోతుంటే పట్టుకోవాలి, వెనక్కి జారితే నష్టానికి వదిలేయాలి. ఇలాంటివి ప్రపంచంలో ప్రతివాడూ ప్రయత్నించి చేతులు కాల్చుకున్నవే. కానీ అల్లుడిది పాత ధరల మీద మెట్లెక్కినట్టు ఎక్కింది. పెద్దాయన ఆ లాభాల గీతను అచ్చు తీయించి గోడకు అంటించాడు.

జల్లెడక్క గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది.

"ఇంత నున్నగా ఉందేమిటి బాబూ?"

"బాగుంటే కూడా తప్పేనా అక్కా?"

"తప్పని అనలేదు. నున్నగా ఉందన్నాను."

వచ్చే సోమవారం నుంచి దాన్ని నిజం డబ్బుతో నడపాలని పెద్దాయన తీర్మానించాడు. దానికి ముందు ధరలు శుభ్రంగా ఉన్నాయని జల్లెడక్క చెప్పాలి. ఆమె చెప్పనంది. తప్పు చూపించమంటే ఇంకా దొరకలేదంది. రెండు రోజులు ఇదే తంతు. చివరికి పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ మెత్తగా చెప్పాడు. ఆయన మెత్తగా మాట్లాడితేనే భయం.

"చూడమ్మా, శుభ్రం చేసిన ధరలు అమ్మే కంపెనీలు బోలెడున్నాయి. వాళ్ళు ఎవర్నీ అనుమానించరు. శుక్రవారం లోపు ఏదో ఒకటి తేల్చు. తేల్చలేకపోతే ఈ పని బయటికిచ్చేస్తా. నీకు వేరే పని నా దగ్గర లేదు."

ఆ రోజు నుంచి ఆఫీసులో గాలి మారింది. తన లెక్కను చెడగొట్టడానికి ఆమె ధరలు మారుస్తోందని అల్లుడు నాతో గొణిగాడు. అతను లెక్కలో ఏదో దాచాడని ఆమె నాతో గొణిగింది. ఇద్దరూ లేచి వెళ్ళేటప్పుడు స్క్రీన్లకు తాళం వేసుకునేవారు. పెద్దాయన ముగ్గురినీ అద్దంలోంచి గమనించేవాడు. నన్నెందుకో నాకు తెలియదు.

ఆమె మొదటి అనుమానం గడియారం మీద. మేము షేర్ల ధరలు ఒకరి దగ్గర, మొత్తం బజారు సూచీ, సరిచూసుకోవడానికి అవే షేర్ల ధరలూ ఇంకొకరి దగ్గర కొనేవాళ్ళం. పదీ పదికి మొదలై పదీ పదకొండుకు ముగిసే నిమిషాన్ని ఒకరు పదీ పది అంటారు, ఇంకొకరు పదీ పదకొండు అంటారు. రెండింటినీ పేరు చూసి పక్కపక్కన కూర్చోబెడితే ఒకటి ఇంకొకదానికి ఒక నిమిషం ముందుకు చూసేస్తుంది. రేపటి పేపరు ఇవాళ చదివినవాడు తెలివైనవాడిలాగే కనిపిస్తాడు. అల్లుడి లెక్క సూచీ పైకి పోతున్నప్పుడే కొంటుంది కాబట్టి దొంగతనం ఇక్కడే అని ఆమె గట్టిగా నమ్మింది. సూచీని ఒక నిమిషం ముందుకు, వెనక్కి జరిపి, షేర్ల కదలికలతో ఎక్కడ బాగా అతుకుతుందో చూసింది. ఉన్న చోటే అతికింది. ఎప్పుడో తనే సరిచేసి పెట్టింది.

"దొరికాడా దొంగ?" అన్నాడు అల్లుడు.

"దొరకని దొంగ ఉంటాడు గానీ, లేని దొంగ ఉండడు," అంది. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకూ తెలిసినట్టు లేదు.

మరునాడు అల్లుడే చేజేతులా ఒక ముక్క అందించాడు. వారం రోజులుగా తన లెక్కను నడుస్తున్న బజారులో, డబ్బు పెట్టకుండా, ఉత్తుత్తిగా తిప్పుతున్నాడు. టీ తాగుతూ విసుక్కున్నాడు. "ఏమిటో, అక్కడ ఊరికే కొనేస్తోంది. పాత ధరల మీద రోజుకు ఒకటో రెండో కొనేది, ఇక్కడ దానికి రెట్టింపు. కొన్నదల్లా మరుక్షణం వెనక్కి జారుతోంది. లైవ్ ధరల్లో చెత్త ఎక్కువ అక్కా, మీరింకా జల్లెడ పట్టలేదుగా."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. మంచినీళ్ళకని లేచి వెళ్ళి, నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చింది.

ఆమె అసలు ధరలను ఎప్పుడూ ముట్టుకోదు. వచ్చినవి వచ్చినట్టు ఒక చోట ఉంచి, నకలును శుభ్రం చేస్తుంది. ఆ అసలు ధరల మీద అల్లుడి లెక్క నడపమని నన్నడిగింది, అల్లుణ్ణి అడగలేదు. నడిపాను. గోడ మీది గీత కాస్తా గోతిలో పడింది.

"చెత్త ధరల వల్లేమో," అన్నాను.

"చూద్దాం తమ్ముడూ. నాకు సాక్ష్యం ఉన్న చెత్తను మాత్రమే తీసెయ్యి." రెండో కంపెనీ దగ్గర అదే నిమిషం వేరుగా ఉంటే, అదీ చేతులు మారిన షేర్లు లేకుండా ధర ఎగిరితే, అది చెత్త. అవి మాత్రం తీసేశాం. గీత గోతిలోనే ఉంది.

అంటే లాభమంతా మిగతావాటిలో ఉంది. ఆమె సాక్ష్యం లేకుండా కొట్టేసినవాటిలో.

ఆమె జల్లెడ ఇలా పనిచేసేది. ఒక నిమిషం పై ధర, ముందరి నిమిషాలకూ తర్వాతి నిమిషాలకూ అందనంత ఎత్తుకు వెళ్ళి వెనక్కి వచ్చేస్తే, అది తప్పు ధరగా లెక్క. దాన్ని కొట్టేసి పక్కవాటితో పూడ్చేది. ఓసారి ఒక తప్పు ధర తప్పించుకుపోయిందని పెద్దాయన చేత మాట పడ్డాక, ఆమె కన్నాలు ఇంకా సన్నం చేసింది. ఇప్పుడు కొట్టేసిన నిమిషాలన్నీ తెర మీద పరిచి చూశాం. తప్పు ధరలైతే ఎక్కడపడితే అక్కడ పడాలి. ఇవి సరిగ్గా అరగంట పై ధర దగ్గరే, టికెట్టు కిటికీ ముందు జనంలా గుమిగూడి ఉన్నాయి. ఒక్కొక్క దానిలో వేల షేర్లు చేతులు మారాయి. రెండో కంపెనీ దగ్గరా అవే ధరలున్నాయి. అవి నిజం ధరలు. పై ధరను దాటినట్టు దాటి, కొన్నవాణ్ణి ముంచి వెనక్కి జారిన నిమిషాలు. దాటి నిలబడ్డవాటిని ఆమె జల్లెడ ఉంచింది, దాటి జారినవాటిని తీసేసింది. అల్లుడి లెక్క చేతులు కాల్చుకోవాల్సిన చోట్లన్నీ ఆమె ముందే చల్లార్చిపెట్టింది. నడుస్తున్న బజారులో తర్వాతి నిమిషం ఇంకా పుట్టలేదు, అక్కడ ఎవరు చల్లారుస్తారు?

ఊళ్ళో అందరినీ అనుమానించిన మనిషి తన జల్లెడను ఒక్కసారి కూడా తిప్పి చూసుకోలేదు.

ఆమె ఏం చేస్తుందా అని నేను చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, ఆమె ఒప్పుకుంటుందని నమ్మలేదు. ధరలు శుభ్రంగా లేవని మాత్రం చెప్పి, చెత్త అమ్మినవాళ్ళ మీద తోసెయ్యొచ్చు. లేదా ఏమీ అనకుండా జల్లెడ కన్నాలు పెద్దవి చేసి, అల్లుడి లెక్క వట్టిదని తేల్చి, దర్జాగా కూర్చోవచ్చు. నాకు తెలిసిన పెద్దమనుషులు అదే చేస్తారు.

శుక్రవారం ఆమె పెద్దాయన గదిలోకి నన్నూ అల్లుణ్ణీ కూడా పిలిచింది.

"ధరలు చెడ్డవి కావండీ. నేను చెడగొట్టాను," అంది.

అంతా విప్పి చెప్పింది. పెద్దాయన కళ్ళజోడు తుడవడం ఆపేశాడు.

"సోమవారం దింపి ఉంటే?"

"మునిగేవాళ్ళం."

"నీ వల్ల."

"నా వల్లే."

అల్లుడు అద్దంలోంచి గోడవైపు చూశాడు. గోడ మీది గీత అతని బిడ్డలాంటిది మరి. "వారం రోజులు నన్ను దొంగలా చూశారు కదక్కా," అన్నాడు.

"చూశాను. నీలో దొరక్కపోతేనే ఇటు తిరిగాను. మొదట ఇటు తిరగాల్సింది."

కింద దుకాణంలో ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. "బయటి కంపెనీ వాళ్ళు ధరలు ఎలా శుభ్రం చేస్తారో?" అని పెద్దాయన అడిగాడు, ఎవర్నీ కాకుండా.

"వాళ్ళ జల్లెడ మనకు చూపించరండీ," అన్నాడు అల్లుడు. ఆమెను కాపాడాలని అన్నాడో, తన లెక్కకు ఇంకో వారం దొరుకుతుందని అన్నాడో నాకిప్పటికీ తేలలేదు.

ఆ గీతను పెద్దాయనే గోడ మీంచి చింపాడు. ఆమెను పంపలేదు. ఉంచానని కూడా చెప్పలేదు. ఇకమీదట ఆమె కొట్టేసే ప్రతి నిమిషానికీ కారణం అల్లుడు చూడాలని, అల్లుడు రాసే లెక్కంతా ఆమె చూడాలని అన్నాడు. ఒకరు సరే అంటేనే రెండోవాళ్ళది ముందుకు కదలాలి.

సోమవారం పొద్దున అల్లుడు తన కుర్చీని ఆమె బల్ల దగ్గరకు లాక్కున్నాడు. ఆమె ఒక నిమిషాన్ని కొట్టేయబోయింది.

"ఎందుకక్కా అది?"

"ఇదిగో, రెండో కంపెనీ దగ్గర లేదు."

"చూపించండి."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. స్క్రీను అతనివైపు తిప్పింది.

"చూడు. నా మాట నమ్మకు," అంది.