సిరాజుద్దీన్ ఎడమ కన్ను

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో దర్జీ సిరాజుద్దీన్ అంటే తెలియనివాళ్ళు లేరు. అరవై దాటినా సూదిలో దారం ఒక్క ఊపుకే ఎక్కిస్తాడు. తొమ్మిదేళ్ళ కింద వడ్లపొట్టు పడి ఎడమ కంట్లో పుండయింది, నల్లగుడ్డు మీద తెల్లపొర కమ్మింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశాక చూపొచ్చింది. ఊరందరికీ మోతిబిందు, అంటే శుక్లాల ఆపరేషనని చెప్పాడు. చచ్చిపోయినవాళ్ళెవరిదో కంటిపొర తెచ్చి తనకు కుట్టారని చెప్పడానికి సిగ్గు, భయం. భార్య చాంద్ బీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ చాంద్ బీకి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బొచ్చింది. పది రోజుల కింద కామారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు: వెంటిలేటర్ పెడితే రోజులు పెరుగుతాయి గానీ జబ్బు తగ్గదు. ఆమె తమ్ముడు షాహిద్ పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. మసీదు హాఫిజ్ సాబ్‌ను అడిగారు. "పానం తీసే సూది హరామ్. పని చెయ్యని మిషన్ వద్దనుకునుడు హరామ్ కాదు. నొప్పికి మందియ్యిండ్రి" అన్నాడాయన. ఆక్సిజన్ సిలిండరుతో, నొప్పి మందుతో ఇంటికి తెచ్చారు.

ఒకనాడు ఆయాసం ఆపుకొని చాంద్ బీ అంది, "నేను పోయినంక నా కండ్లియ్యి. తీసుకున్నోళ్ళం, ఇయ్యకుంటెట్ల?" సిరాజుద్దీన్ సరేనన్నాడు. అనడానికేం, అనేశాడు.

మే నెల. పొద్దున ఏడింటికి ఆమె పోయింది.

కంటి బ్యాంకుకు ఫోన్ చేశాడు. ఆరు గంటల్లోపు తీయాలి, కళ్ళు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టండి, ఫ్యాన్ ఆపండి, గాలికి పొర ఎండిపోతుంది అన్నారు. "ఆడమనిషిని పంపుండ్రి" అని బతిమాలుకున్నాడు. నిజామాబాద్ నుంచి శ్వేత అనే అమ్మాయి బయలుదేరింది.

ఇక మొదలైంది అవస్థ. ఇల్లు జనంతో, ఉక్కతో నిండిపోయింది. పక్కింటి గౌరవ్వ వచ్చి ఫ్యాన్ వేసింది. సిరాజుద్దీన్ ఆపాడు. మళ్ళీ ఎవరో వేశారు, మళ్ళీ ఆపాడు. వాకిట్లోకి వెళ్ళి రోడ్డు చూడటం, లోపలికొచ్చి స్విచ్చు చూడటం, గడియారం చూడటం. ఒక్కచోట నిలబడలేదు. పెళ్ళాం పోయి మతి పోయిందని గుసగుసలాడారు.

"ఎందుకాపుతున్నవ్ అన్నా? చెమటతోని సస్తున్నం" అని గౌరవ్వ నిలదీసింది. చెప్పక తప్పలేదు.

"కండ్లిస్తరా! వచ్చే జన్మల గుడ్డిగ పుడ్తరంటరు గదా" అని ఆమె నోరు నొక్కుకుంది.

షాహిద్ భగ్గుమన్నాడు. "ఏంది భాయ్ గిది? దేహం అల్లా మనకు దాచిపెట్టమని ఇచ్చిన అమానత్. మా అక్కను, మా ఆపాను కోయనిస్తనా? పగటి జొహర్ నమాజ్ కాంగనే దఫన్ చెయ్యాలె, మట్టియ్యాలె."

హాఫిజ్ సాబ్‌ను పిలిపించారు. ఆయన ఇద్దరి మాటా విని గడ్డం నిమురుకున్నాడు. "మతం సదివిన ఉలమాల్ల రెండు మాటలున్నయి. కొయ్యొద్దనేటోళ్ళున్నరు. అమ్ముకోకుండ, ఇజ్జత్ చెడకుండ, పోయినోళ్ళ ఇష్టముంటే ఇయ్యొచ్చనేటోళ్ళు కూడ ఉన్నరు. నా మనసు మొదటి మాట దిక్కే. కానీ మీరిచ్చినా ఆఖరి జనాజా నమాజ్ నేనే చదివిస్త. దఫన్‌కు మాత్రం ఆలస్యం చెయ్యకుండ్రి."

పదకొండున్నరకు శ్వేత వచ్చింది. "కన్నంతా తియ్యం బాబాయ్, పైన అద్దం లాంటి పొరే. ఇరవై నిమిషాలు. ఒక రక్తం శాంపిల్. మొఖం ఎప్పటిలెక్కనే ఉంటది, తర్వాత మీరు గుస్ల్ స్నానం చేయించుకోవచ్చు" అంటూ కాగితం తీసింది. భర్త సంతకం, ఇద్దరు సాక్షులు. అందులో ఒకరు దగ్గరి బంధువు కావాలి. పిల్లలు లేరు, అంటే షాహిదే.

షాహిద్ చేతులు కట్టుకొని గోడకానుకున్నాడు. పన్నెండయింది. సిరాజుద్దీన్ వెళ్ళి షాహిద్ ఎదురుగా నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళు దాచిన మాట అంతమంది ముందూ బయటపడింది.

"షాహిద్, నాది మోతిబిందు కాదు. గీ ఎడమ కంట్ల ఉన్నది ఎవరో సచ్చిపోయినోళ్ళది. ఏ మజహబో, ఏ మతమో తెలువదు, అడిగితే చెప్పలె. నీ నికాహ్ షేర్వాణీ గీ కన్నుతోనే కుట్టిన. తీసుకున్ననాడు నోరు మూసుకున్న. ఇయ్యాల ఇచ్చేకాడ హరామంటే, నేనేం మనిషిని?"

షాహిద్ తన బావ ఎడమ కంటిలోకి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఆపాకెరికేనా?"

"ఆమెనే ఇయ్యమన్నది."

షాహిద్ వచ్చి సంతకం పెట్టాడు. తర్వాత వెళ్ళి, ఎవరూ ముట్టకుండా స్విచ్చుబోర్డుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండో సాక్షిగా గౌరవ్వ సంతకం పెట్టింది.

ఆడవాళ్ళు దుప్పటి అడ్డం పట్టారు. పన్నెండున్నరకు శ్వేత ఐస్ డబ్బా మూసి బయటికొచ్చి, "ఇప్పుడు ఫ్యాన్ ఏసుకోండి" అంది.

షాహిద్ వేశాడు. చాంద్ బీ ముఖం ఎప్పటిలాగే ఉంది, కళ్ళు మూసుకొని. తల మీది ఓఢనీ అంచు కొంచెం కదిలింది. పొద్దుటినుంచి చుక్క నీరు రాల్చని సిరాజుద్దీన్ అక్కడే కూలబడి ఏడ్చాడు. ఎవరిదో తెలియని ఎడమ కన్ను కూడా ఏడ్చింది.