స్నానాల గది గోడమీది తెల్ల తెట్టు

కెనడాలోని మిల్టన్‌లో కాలేజీ పిల్లలతో బేస్‌మెంట్లన్నీ నిండిపోయిన రోజులవి. ఒక తెలుగువాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ, మరో ఇద్దరు అమ్మాయిలూ అద్దెకు ఉండేవాళ్లం. మాది కరీంనగర్ వైపు. పైన ఉండే ఇంటి ఆంటీది గుంటూరు.

ఒక ఆదివారం ఆంటీ కిందికి వచ్చి మా బాత్రూమ్ తలుపు తీసి నిలబడ్డారు. టబ్బు చుట్టూ బూడిదరంగు పట్టీ, గోడల మీద తెల్లటి జిడ్డు తెట్టు.

"ముగ్గురు ఆడపిల్లలు ఉండి బాత్రూమ్ ఇట్టా పెడతారా? స్టూడెంట్స్‌కి ఇస్తే ఇంతేనని గుడిలో అందరూ చెబుతూనే ఉన్నారు. నేనే వినలా. నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండమ్మా."

నా రూమ్‌మేట్స్ తలలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ ముందురోజే మోకాళ్ల మీద కూర్చుని ఆ టబ్బు తోమింది నేను.

"మేం రోజూ కడుగుతున్నం ఆంటీ. ఇది మా మురికి కాదు, మీ నీళ్లది. చూపిస్త. చూసినంక కూడా పొమ్మంటే అప్పుడు మాట్లాడుదాం."

"నీళ్లదా? నీళ్ల గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్ మెషిన్ పెట్టించాం కదా! దాన్లో ఉప్పు కూడా నిండుగా ఉంది."

వాళ్ల పాప ఎనిమిదో తరగతి. మెట్ల మీద కూర్చుని వింటోంది. "మామ్, లెట్ హర్ షో," అంది.

నేను బీఎస్సీలో కెమిస్ట్రీ చదివాను. ఇంటి వెనక చెక్క డెక్ మీద కొత్తగా పడిన మంచు గిన్నెలో తెచ్చి కరిగించాను. ఆ నీళ్లు గది వేడికి వచ్చాక ఒక సీసాలో పోశాను. ఇంకో సీసాలో అంతే కుళాయి నీళ్లు. రెండింట్లోనూ ఒకే సబ్బు తురుము వేసి, మూతలు బిగించి పాప చేతికి ఇచ్చాను. ఊపింది. మంచు నీళ్ల సీసాలో నురగ మూత దాకా పొంగింది. కుళాయి నీళ్లలో నురగ లేదు. విరిగిన పాలలా తెల్లటి తునకలు తేలాయి.

"వై?" అంది పాప.

"మంచు, వాన నీళ్లల్ల పెద్దగా ఏం కలిసి ఉండదు. ఇక్కడి నీళ్లు భూమిలోపల సున్నపురాయి మీదికెళ్లి వస్తయి. కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని తెస్తయి. అదే హార్డ్ వాటర్. సబ్బులో సోడియం ఉంటది. కాల్షియం వచ్చి సోడియాన్ని తోసేసి సబ్బును పట్టుకుంటది. ఆ కొత్త పదార్థం నీళ్లల్ల కరగదు. గోడకు అంటుకుంటది. ఎంత ఎక్కువ సబ్బు రుద్దితే అంత ఎక్కువ తెట్టు."

"బట్ వుయ్ హావ్ ఎ సాఫ్ట్‌నర్."

"పద, చూద్దాం."

ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ పక్కన సాఫ్ట్‌నర్ ఉంది. పొడవాటి సిలిండర్, దాని పక్కన ఉప్పు డ్రమ్ము. సిలిండర్ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ పూసలుంటాయని చెప్పాను. ఒక్కో పూస సోడియాన్ని పట్టుకుని ఉంటుంది. నీళ్లు వాటి మధ్య నుంచి వెళ్లేటప్పుడు ఒక కాల్షియం వచ్చి కూర్చుంటే రెండు సోడియంలు లేచి నీళ్లలోకి వెళ్లిపోతాయి. కొన్నాళ్లకు పూసలన్నీ కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు డ్రమ్ములోని చిక్కటి ఉప్పునీళ్లు వాటి మీదుగా పారి, కాల్షియాన్ని డ్రెయిన్‌లోకి తోసి, సోడియాన్ని మళ్లీ కూర్చోబెడతాయి.

ఆంటీ డ్రమ్ము మూత తీశారు. "చూడు, నిండుగా లేదూ?"

చీపురు కర్రతో ఉప్పును పొడిచాను. పైన రాయిలా గట్టిగా ఉంది. ఇంకోసారి పొడిచేసరికి పెచ్చు విరిగి లోపలికి కూలింది. కింద అంతా ఖాళీ. తేమకు పైభాగం గడ్డకట్టి కప్పులా నిలిచింది. అడుగున ఉన్న నీళ్లకు ఉప్పు తగలనే లేదు. ఉప్పునీళ్లు లేక పూసలు ఎన్నాళ్లుగా కాల్షియంతో నిండి ఉన్నాయో ఎవరికి తెలుసు.

"ఓ మై గాడ్, ఇట్స్ ఎంప్టీ!" అని పాప అరిచింది.

గడ్డలు పగలగొట్టి, ఉప్పు కరిగేదాకా ఆగి, సాయంత్రం పూసల మీదికి ఉప్పునీళ్లు వదిలే రీజెనరేట్ బటన్ నొక్కాం. మర్నాడు అదే పరీక్ష పాపే చేసింది. కుళాయి నీళ్ల సీసాలోనూ నురగ పొంగింది.

ఆంటీ కిందికి వచ్చారు. "సరేలేమ్మా, ఉండండి."

అంతటితో ఊరుకోలేకపోయాను. "ఉంటం ఆంటీ. కానీ మేం మురికిగా ఉంటమని గుడిలో చెప్పి ఉంటే, ఇది కూడా చెప్పాలె. ఇంకోటి. గోడ మీది పాత తెట్టు మేమొక్కళ్లమే కడగం."

రూమ్‌మేట్ నా చెయ్యి గిల్లింది. నేను వెనక్కి తగ్గలేదు.

ఆంటీ నన్ను ఎగాదిగా చూశారు. పైకి వెళ్లిపోయారు. ఇల్లు వెతుక్కోక తప్పదనుకున్నాను. కాసేపటికి చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒక చేతిలో వెనిగర్ సీసా, ఇంకో చేతిలో బ్రష్షుతో దిగారు.

"ఆ మూల నుంచి నువ్వు తోము, ఈ మూల నుంచి నేను," అన్నారు.