ఇంటి కాగితాలకు అత్త వేలిముద్ర

మా ఇంటి కాగితాలు పదేళ్లు మా ఇంట్లో లేవు. యూనివర్సిటీ లోపలి బ్యాంకులో, ఇనుప గదిలో ఉన్నాయి. నాకు చదువు లేదు, సంతకం మాత్రం నేర్చుకున్నాను. అయినా ఆ కాగితాలు ఏవేవో కళ్ళు మూసుకుని చెప్పగలను. వాటిని ఇచ్చిన రోజు మా ఆయన పక్కన నేనూ ఉన్నాను.

ఆయన సైన్సు కాలేజీలో ల్యాబ్ అటెండర్. తార్నాక వెనక సందులో చిన్న జాగా కొని, రెండు గదులు వేసుకోవడానికి లోను తీసుకున్నాడు. నేను అప్పటిదాకా బ్యాంకంటే ఇంటినే తాకట్టు పెట్టుకుంటుందని, కిస్తు తప్పితే మమ్మల్ని బయటికి నెడుతుందని అనుకునేదాన్ని. అప్పుడున్న మేనేజరు నెమ్మదిగా చెప్పాడు. ఇంట్లో మీరే ఉంటారు, ఇల్లు మీదే, అప్పు తీరేదాకా అసలు పత్రాలు మా దగ్గర ఉంటాయి, అవి లేకుండా మీరు అమ్మలేరు, అంతే అన్నాడు. కొన్న రిజిస్ట్రీ కాగితం, అంతకు ముందు ఆ జాగా ఎవరిదో చెప్పే పాత దస్తావేజు, మున్సిపల్ పర్మిషన్ ప్లాను, పన్ను రసీదు. ఆ కట్టను మా ఆయన తన చేత్తోనే బల్ల మీద పెట్టాలట. ఈ అప్పుకు హామీగా ఇస్తున్నాను అని నోటితో చెప్పాలట. ఆయన చేతులు కడుక్కుని వచ్చి పెట్టాడు. తర్వాత ఒక పెద్ద రిజిస్టర్లో ఒక్కొక్క కాగితం పేరు రాసి, కింద ఆయనతో సంతకం చేయించారు. బయటికి వచ్చాక ఆయన నవ్వాడు.

"కన్నబిడ్డను హాస్టల్ల ఏసినట్టున్నది" అన్నాడు.

ఆ కాగితాల బిడ్డను ఇంటికి తీసుకురాకుండానే పోయాడు. లోను తీసుకున్న ఆరేళ్లకు, కాలేజీలోనే గుండె ఆగింది.

మనిషి పోతే అప్పు పోదు. ఆయన ఉద్యోగం బదులు యూనివర్సిటీ వాళ్లు నాకు లేడీస్ హాస్టల్లో ఊడ్చే పని ఇచ్చారు. నెలనెలా కిస్తు నా జీతంలోంచే పోయింది. ఇక్కడే మా అత్తకూ నాకూ మాట తెగింది. ఆ ఉద్యోగం చిన్న కొడుక్కి, అంటే నా మరిదికి, రావాలని ఆమె పట్టు. నేను ఇవ్వలేదు. నా బిడ్డ అప్పటికింకా బడిలోనే ఉంది, నేనేం తినిపించాలి? అప్పటిదాకా మాతోనే ఉన్న ఆమె కాచిగూడలో మరిది ఇంటికి పోయింది. నాలుగేళ్లు మా గడప తొక్కలేదు. నేనూ పోలేదు. నాకూ పౌరుషమే.

చివరి కిస్తు తీరిన నెలలోనే బిడ్డను తీసుకుని బ్యాంకుకు పోయాను. అది అప్పటికి డిగ్రీ చదువుతోంది. క్లర్కు చూసి, లోను ముగిసింది, బాకీ లేదని కాగితం ఇస్తాం అన్నాడు. కానీ పత్రాలు మా ఆయన పేరు మీద ఉన్నాయి, ఆయన లేడు. కాబట్టి చావు సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు తేవాలన్నాడు. మున్సిపాలిటీలో ఒకటి, మండలాఫీసులో ఒకటి. హాస్టల్ పని చేసుకుంటూనే తిరిగాను. మండలాఫీసు నుంచి విచారణకు వచ్చినాయన వారసులెవరమ్మా అని అడిగాడు. నేనూ నా బిడ్డా అన్నాను. అబద్ధం ఆడాలని కాదు. మా అత్త పేరు మరిది రేషన్ కార్డులో ఉంది. కార్డులో ఎక్కడుంటే ఆ ఇంటి మనిషి అని మా లెక్క. వాళ్లూ అలాగే రాసిచ్చారు.

ఆ కాగితం పట్టుకుని కొత్త మేనేజరు ముందు కూర్చున్నాను. ఆయన మా ఆయన పాత దరఖాస్తు తీసి, ఒక గీత దగ్గర వేలు ఆపాడు.

"అమ్మా, ఇక్కడ మీ ఆయన తల్లి తన మీద ఆధారపడి ఉందని రాశారు. ఆమె ఉన్నారా?"

"ఉన్నది సారూ. కాచిగూడల, చిన్న కొడుకు తాన."

"మరి సర్టిఫికెట్లో లేరే? వీలునామా లేకపోతే భార్య, బిడ్డ, తల్లి ముగ్గురూ వారసులే. సర్టిఫికెట్ సరిచేయించుకు రండి. ముగ్గురూ వచ్చి సంతకం పెడితే పత్రాలు ఇచ్చేస్తాం."

"కిస్తు కట్టింది నేను గద సారూ!"

"కట్టారు. అందుకే బాకీ లేదు. వారసత్వం వేరమ్మా."

నాకు మండింది. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని ఏడ్చాను. ఆమె రాదు. మరిది రానివ్వడు. నా మగని కాగితాలు జన్మంతా ఆ ఇనుప గదిలోనే ఉంటాయి అనుకున్నాను.

ఆదివారం కాచిగూడ పోయాను. స్టేషన్ పక్క గల్లీలో మరిది గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏంది వదినా, తొవ్వ తప్పినవా?"

"అత్తతోని పనున్నది."

"ఎరుకే. బ్యాంకుల అప్పు తీరిందట, గందుకే వేలిముద్ర గావాలె. అమ్మా, వెయ్యకే! వేస్తే ఇంట్ల నీ హిస్సా ఖతమ్."

అత్త లోపల బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. ఎంతగా సన్నబడిందో! నేను గడపలోనే కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సర్టిఫికెట్లో నీ పేరు రాయించలేదు, నాదే తప్పు అన్నాను.

"సచ్చినోల్ల లెక్కల రాసినవా నన్ను?" అంది.

"తెల్వక జేసిన అత్తా."

"నౌకరి కాడ గూడ తెల్వకనేనా?"

"నౌకరి కాడ తెలిసే జేసిన. నీ మనుమరాలు సదువుతున్నది గద."

ఆమె మళ్లీ బియ్యంలోకి చూసింది. నేను లేచి వచ్చేశాను.

మండలాఫీసులో ఆమె పేరు చేర్పించడానికి నెల పట్టింది. బ్యాంకుకు ఏ రోజు రావాలో అత్తకు కబురు పంపాను, జవాబు రాలేదు. చెప్పిన రోజున బిడ్డా నేనూ బ్యాంకు తెరవకముందే పోయి నిలబడ్డాం. వాకిట్లో మెట్ల మీద మా అత్త కూర్చుని ఉంది. ఒక్కతే.

"గిదేనా బ్యాంకు? కాలేజీలన్నీ తిరిగొచ్చిన. నా కొడుకు ఏ కాలేజీల పనిజేసిండో ఒక్కడు చెప్పలే" అంది.

లోపల ఆమె మొదట మేనేజరునే నిలదీసింది.

"సారూ, వేలిముద్ర ఏస్తే నా హిస్సా పోతదట గద?"

"పోదమ్మా. ఇది కాగితాలు అందినట్టు మాత్రమే. ఇంట్లో మీ వాటా మీకే ఉంటుంది. వదులుకోవాలంటే వేరే రిజిస్ట్రీ ఉంటుంది, అది ఇక్కడ చేసేది కాదు."

"అయితే ఏస్త. మోసం లేదు గద కోడలా?"

"లేదత్తా."

ఇనుప గది నుంచి కవరు తెచ్చారు. ఒక్కొక్కటి చూసుకోండి అన్నారు. బిడ్డ రిజిస్టర్లోని పేరు చదువుతోంది, నేను కాగితం ముట్టుకుంటున్నాను. రిజిస్ట్రీ, అంచు చెద తిన్న పాత దస్తావేజు, మడత దగ్గర చిరిగిన ప్లాను, రసీదు. అన్నీ వచ్చాయి. అప్పుడు క్లర్కు రిజిస్టరు మా వైపు తిప్పాడు. ఇచ్చిన రోజు మా ఆయన చేసిన సంతకం ఉంది, దాని పక్క గడి ఖాళీగా ఉంది. నేను సంతకం చేశాను, బిడ్డ చేసింది. అత్త బొటనవేలు సిరాలో అద్ది ఆగింది.

"గిది నా కొడుకు రాసిందేనా?"

"అవు నాయనమ్మా" అంది బిడ్డ.

అత్త ఎడమ చేత్తో ఆ సంతకాన్ని తడిమింది. తర్వాత పక్కన వేలు ఒత్తింది. కొంచెం పైకి పోయి, సిరా ఆయన చివరి అక్షరానికి అంటింది. క్లర్కు ఏదో అనబోయాడు, మేనేజరు చెయ్యి ఊపి ఊరుకోమన్నాడు.

బస్సులో కాగితాల కవరు అత్త ఒళ్ళో ఉంది. అడిగినా ఇవ్వలేదు. కాచిగూడ పోవాల్సిన మనిషి తార్నాక స్టాపులో మాతో దిగింది.

"ఇల్లేడ? పదేండ్లాయె, మర్సిపోయిన. ముందు నడువు" అంది.

నాలుగేళ్లే అత్తా అనబోయి ఊరుకున్నాను. ముందు నడిచాను.