సారు వ్యాసానికి నేను రాసిన విమర్శ

అరవైల చివర అనంతపురంలో ఎమ్మే చదివేటప్పుడు నాకు సెమినార్ పడింది. ధర్మవరం పట్టు నేతగాళ్లు సహకార సంఘంలో ఎందుకు చేరడం లేదన్నది విషయం. మాది అక్కడి నేత ఇల్లే కాబట్టి సులువనుకున్నాను. లైబ్రరీలో దొరికినవన్నీ చదివి, చదివిన వరసలోనే పుస్తకానికొక పేరా చొప్పున రాసి మా సారుకు ఇచ్చాను.

ఆయన రెండు పేజీలు తిప్పి, "ఏమ్మా, ఇది రిపోర్టా, పుస్తకాల బీరువానా?" అన్నారు. ఉపోద్ఘాతంలో నా ప్రశ్న ఏమిటో, ఎంతవరకు చూస్తానో చెప్పాలట. ఆధారాల సమీక్షలో పుస్తకాలను వరసగా కాక, ఒకే మాట చెప్పేవాటిని ఒకచోట పెట్టాలట. ఆ తర్వాత విమర్శ, చివర ముగింపు.

సమీక్ష కుదిరింది. సంఘాన్ని తప్పుపట్టినవి ఒక గుంపు, నేతగాళ్లను తప్పుపట్టినవి ఇంకో గుంపు. రెండో గుంపుకు పెద్ద మా సారు వ్యాసమే. నేతగాళ్లకు తెలివి తక్కువ కాబట్టి సంఘంలో చేరరని అందులో ఉంది. విమర్శకు వచ్చేసరికి ఆయన్ను ఏమనాలో తోచక, వ్యాసం చాలా లోతైనదని రాసుకుని ఆదివారం ఇంటికి పోయాను.

మగ్గం మీదున్న నాయనకు, నేతగాళ్ల తెలివి గురించి సారు రాసిన మాట చదివి వినిపించాను. ఆయన నేత ఆపలేదు. "సంఘంలో పట్టునూలు ఎప్పుడొస్తాదో వాళ్లకే తెలీదు. సావుకారి పొద్దున అడిగితే సాయంత్రానికి ఇస్తాడు. మీ సారు ఈడికొచ్చి ఎవుర్నన్నా అడిగినాడా?" అన్నాడు. అడిగినట్టు వ్యాసంలో లేదు. నేను వీధిలో మరో నాలుగిళ్లు తిరిగి అడిగాను. అందరిదీ అదే మాట. పొగడ్త కొట్టేసి, వ్యాసకర్త నేతగాళ్లలో ఒక్కరినీ అడగకుండానే నిర్ణయానికి వచ్చారనీ, నేను అడిగినవి అయిదు ఇళ్లే కాబట్టి నా మాటా అందరికీ వర్తించదనీ రాశాను.

సెమినార్‌లో అది చదువుతుంటే తోటివాళ్లందరికీ ఒక్కసారిగా తమ చెప్పుల మీద ప్రేమ పుట్టుకొచ్చినట్టు తలలు కిందికి దిగిపోయాయి. చదవడం అయ్యాక సారు చేయి చాచి కాగితాలు తీసుకుని, నేరుగా చివరి పేజీకి పోయారు.

"నేత నేసే ఆడోళ్లకు సభ్యత్వం ఇయ్యల్లని రాసినావే, ఇది యాడనుంచి వచ్చింది?"

మా అమ్మ నుంచి వచ్చిందన్నాను.

"ముగింపులో కొత్త మాట రాకూడదు. విమర్శలోకి తీసుకపో, ఆధారం చూపించు. లేదంటే కొట్టేయ్."

తన వ్యాసం గురించి ఒక్క మాటా అనలేదు. కోపమొచ్చిందో లేదో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. అమ్మ మాటను విమర్శలోకి మార్చి, ఆమె ఏ పని చేసినా, సంఘంలో చేరితే పుస్తకంలో రాసేది నాయన పేరేనని జోడించి ఇచ్చాను. మంచి మార్కులే వేశారు. తర్వాతి ఏడాది జూనియర్లకు తన వ్యాసం చదవమని ఇస్తూ, దానికింద నా రిపోర్టును కూడా పెట్టారట. ముందు ఏది చదవాలో మాత్రం చెప్పలేదట.