రోజు విడిచి రోజు

డాక్టరుతో బేరమాడి గెలిచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనే. ఆయన నెలకి ముప్పై మాత్రలన్నాడు, నేను పదిహేనుకి తెంచాను. బేరం జరిగినట్టు ఆయనకి తెలియను కూడా తెలియదు. రేపల్లెలో మా నాన్న బట్టలకొట్లో, తానుల మధ్య పాకుతూ పెరిగినవాణ్ణి. ఎవరైనా ఒక మాట చెప్తే అది మొదటి మాటేననీ, అసలు మాట దాని వెనకెక్కడో సగం దూరంలో ఉంటుందనీ నా నమ్మకం. చీర అంతే, కూరగాయలంతే, ఆటో అంతే. మాత్ర మాత్రం ఎందుకు కాదు?

ఆ గెలుపుని ఐదేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చూపించలేదు. మీకు నా పేరు తెలియదు, నాకు మీ మొహం తెలియదు. ఇలాగైతేనే చెప్పగలను.

ఆ మాత్రలు నావి కావు. నా భార్య సీతారత్నానివి. ఆమెకి బీపీ ఉందని తేలాక రోజుకో మాత్ర రాశారు. పొద్దున్నే కాఫీతోపాటు చేతిలో పెట్టే పని నాది. రెండో నెలకి సాయంత్రమయ్యేసరికి చీలమండలు, పాదాలు ఉబ్బి మెట్టెలు బిగుసుకుపోయేవి. "ఇది మాత్ర వల్లేనండీ" అంది. అప్పుడే నాలో కొట్టువాడు లేచాడు. రోజూ అంటే మొదటి మాట. రోజు విడిచి రోజు అంటే అసలు మాట. అలాగే మొదలెట్టాను. వాపు తగ్గింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన వారమొస్తే మాత్రం ముందు నుంచి రోజూ వేసేవాణ్ణి. అక్కడ బీపీ చక్కగా వచ్చేది. "బాగుందమ్మా, ఇదే వాడండి" అనేవాడాయన. నేను లోపల నవ్వుకునేవాణ్ణి. అవును, నవ్వుకున్నాను. అది కూడా రాయాలి కదా.

మాత్ర లేని పొద్దున సీతారత్నం ఖాళీ అరచెయ్యి చాపి, "ఇవాళ లేదా?" అనేది. "ఇవాళ దానికి సెలవు" అనేవాణ్ణి. నవ్వేది.

పద్నాలుగు నెలలు గడిచాక ఒక తెల్లవారుజామున ఆమె మంచం మీంచి లేవలేకపోయింది. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి, కుడి కాలు ఆమెవి కానట్టు పడున్నాయి. తెనాలి తీసుకొచ్చాం. స్కాన్ తీశారు. మెదడులో ఎడమవైపు నరం చిట్లి రక్తం కారిందన్నారు. మాట కూడా ఆ వైపే ఉంటుందట. అక్కడి కుర్ర డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

"బీపీ మాత్రలు వాడుతున్నారాండీ?"

"వాడుతుందండి."

"రోజూనా? మధ్యలో మానలేదు కదా?"

"రోజూనండి. నా చేత్తో నేనే ఇస్తాను."

ఆయన రాసుకున్నాడు. "కొందరికి మందు వాడినా వస్తుందండి, ఏం చేస్తాం" అన్నాడు, నన్ను ఓదార్చడానికి. సీతారత్నం స్ట్రెచర్ మీద కళ్ళు తెరుచుకునే ఉంది. మా మాటలు విన్నది. నా వైపు చూసింది. నోరు కదిలింది గానీ శబ్దమే వచ్చింది, మాట రాలేదు. ఆ క్షణాన నాకు కలిగింది దుఃఖం కాదు. ధైర్యం. ఇంక ఈమె ఎవరికీ చెప్పలేదులే అన్న ధైర్యం.

ఆ తర్వాత ఆమె మూడేళ్ళ రెండు నెలలు బతికింది. మాట రానే లేదు. నేను తినిపించాను, కడిగాను, దువ్వాను. చూసినవాళ్ళు మొగుడంటే ఇలా ఉండాలన్నారు. ఆ మూడేళ్ళూ మాత్ర రోజూ వేశాను, ఒక్క పూట తప్పకుండా. ఒక్కోసారి ఎడమచెయ్యి చాపి, అరచేతిని చూసి, నన్ను చూసేది. అడుగుతోందా? గుర్తు చేస్తోందా? లేక మాత్ర కోసమే చాపిందా? ఎన్నిసార్లు తిరగేసినా ఆ చూపు నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని రాయడం కూడా తప్పించుకోవడమేనేమో.

ఆమె పోయాక కొట్టు ఎత్తేసి తెనాలిలో అబ్బాయి దగ్గరికొచ్చేశాను. వాడి కూతురు చిన్ని బాపట్లలో ఫార్మసీ చదువుతోంది. వారం వారం శనివారం రైలుకొచ్చి సోమవారం పొద్దున్నే పోతుంది. మాటల్లో నా మనవరాలే. బేరం ఆడనివ్వదు.

పోయిన చలికాలం నుంచి నాకు పొద్దున్నే తలనొప్పి. నిద్ర లేచేసరికి మెడ వెనకనుంచి పట్టేసి, తొమ్మిదయ్యేసరికి దానంతటదే వదిలేది. బామ్ రాసేవాణ్ణి. మందులషాపులో ఒళ్ళునొప్పుల బిళ్ళ అడిగి తెచ్చుకుని మింగేవాణ్ణి. దిండు మార్చాను. చలిగాలి అన్నాను, ఎసిడిటీ అన్నాను. అదేంటో నాకు తెలియదా? తెలుసు. తెలుసు కాబట్టే దూరంగా ఉన్నాను. నా చేతికి ఆ పట్టీ కడితే, అంకె వస్తే, మాత్ర రాస్తే, అది రోజూ వేసుకోవాలి. నేను రోజూ వేసుకుంటే, ఇంట్లో రోజూ సీతారత్నం చెయ్యి చాపినట్టే కదా.

ఒక ఆదివారం నేను బామ్ డబ్బా వెతుక్కుంటుంటే చిన్ని పట్టుకుంది.

"తాతయ్యా, ఎన్నాళ్ళ నుంచి?"

"ఇవాళేనే."

"డబ్బా అడుగంటింది. ఇవాళొక్కరోజే ఇంత రాశావా? కూర్చో, బీపీ చూస్తా."

"నాకేం లేదే. అయినా బీపీ చూసి ఏం చేస్తారు? మీ నాయనమ్మ రోజూ మాత్ర వేసుకుంది. ఏమైంది?"

చూడండి, ఎంత గొప్ప బేరగాణ్ణో. నా అబద్ధాన్నే పెట్టుబడి పెట్టాను.

"అదే మాటంటూ నాన్న కూడా మానేశాడు తాతయ్యా" అంది చిన్ని.

"ఏం మానేశాడు?"

"బీపీ మాత్రలు. నిరుడు రాశారుగా. రెండు నెలలు వేసుకుని మానేశాడు. అమ్మ రోజూ వేసుకున్నా పక్షవాతం వచ్చింది, ఇంక నాకెందుకంటాడు. నువ్వూ అదే అంటున్నావు."

వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

మిషన్ పెట్టకముందే నన్ను తిట్టింది. కాఫీ ఇప్పుడే తాగావా, అయితే అరగంట ఆగు. పాస్‌కి వెళ్ళిరా. వీపు ఆనించు, కాళ్ళు నేలమీద పెట్టు, కాలు మీద కాలొద్దు. చొక్కా మీద కాదు, చేతికే కట్టాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, చెయ్యి బల్లమీద వదిలెయ్. ఐదు నిమిషాలు గమ్మున కూర్చో, మాట్లాడకు. నన్ను మాట్లాడొద్దన్నవాళ్ళు నా జన్మలో తక్కువ.

కుడిచేతికి నూట ఎనభై నాలుగు, నూట ఎనిమిది. ఎడమచేతికి నూట డెబ్భై రెండు, నూట నాలుగు.

"ఎడమదే ఖాయం చెయ్యి" అన్నాను.

"ఎక్కువొచ్చిన చెయ్యే లెక్క తాతయ్యా. ఇకనుంచి కుడిచేతికే చూడాలి."

ఇదెక్కడి బేరం? రెండు నిమిషాలాగి మళ్ళీ చూసింది. రెండు పాయింట్లే తగ్గింది. మళ్ళీ చూడమన్నాను. "అది దిగే ధర కాదు తాతయ్యా" అంది. ఛాతీలో నొప్పి ఉందా, చూపు మసకగా ఉందా, చెయ్యి తిమ్మిరెక్కుతోందా, మాట తడబడుతోందా అని వరసగా అడిగింది. ఏదన్నా ఉంటే ఈ క్షణమే ఆసుపత్రికట. లేవన్నాను. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, తెల్లారగానే నన్ను డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది.

ఈసీజీ తీశారు. మూత్రం, రక్తం తీసుకున్నారు. కళ్ళలోకి లైటు వేసి చూశారు. గుండె ఎడమగోడ మందమైందన్నారు డాక్టరమ్మ. కంటి వెనక నరాలు సన్నబడ్డాయట. "ఇది నిన్న మొన్నటిది కాదు పెద్దాయనా, ఏళ్ళనాటిది. చాలామందికి తలనొప్పి కూడా రాదు, ఏమీ తెలియకుండానే లోపల పాడవుతుంది. మీకు నొప్పొచ్చి మేలు చేసింది." ఒళ్ళునొప్పుల బిళ్ళలు బీపీని ఇంకా పెంచుతాయి, కిడ్నీలకీ చేటు, వాటిని పారెయ్యమన్నారు. రాత్రి గురక పెడతానా అని అడిగారు. ఉప్పు, ఊరగాయ సంగతి చెప్పారు. మాత్ర రాశారు. వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు బీపీ రాసుకుని రమ్మన్నారు.

"రోజూ ఒకే టైముకి వేసుకోండి. తలనొప్పి తగ్గిందని మానకండి. దీనితో కొందరికి కాళ్ళు వాస్తాయి. వాస్తే మీరే తగ్గించుకోకండి, నాకు చెప్పండి. మందు మారుస్తాను."

"మారుస్తారా?"

"ఎందుకు మార్చనండీ? బోలెడు రకాలున్నాయి."

బోలెడు రకాలున్నాయి. ఆ రోజు నేను ఒక్క మాట అడిగి ఉంటే చాలు. కాళ్ళు వాస్తున్నాయండి అని. జన్మంతా పదిమంది ముందు గొంతు చించుకుని అడిగినవాణ్ణి, అడగాల్సిన ఒక్కచోట అడగలేదు. అడిగితే బేరం నాది కాకుండా పోతుందని కదూ?

బయట బెంచీ మీద కూర్చుని చిన్నికి చెప్పాను. మొదటినుంచీ. సెలవు మాట, ముందు వారం ఎత్తు, స్ట్రెచర్ పక్కన అబద్ధం. ఆ పిల్ల మందుల చీటీని మడుస్తూ, విప్పుతూ వింది. నేను ఏడిస్తే బాగుంటుందనిపించింది. ఏడుపు రాలేదు.

"నాన్నకి నువ్వే చెప్పాలి" అంది. అంతే. తాతయ్యా అనలేదు.

ఆ సాయంత్రం అబ్బాయికి చెప్పాను. వాడు నన్ను కొట్టినా బాగుండేది. లేచి లోపలికెళ్ళాడు. మర్నాడు పొద్దున నా ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ, తన మాత్ర మింగి నీళ్ళు తాగాడు. అప్పట్నుంచి రోజూ అంతే. రోజూ నా ఎదురుగానే. నాతో మాత్రం మాట్లాడడు. చిన్ని శనివారాలొస్తుంది. పట్టీ కట్టి, అంకె పుస్తకంలో రాసి, "బాగుంది" అంటుంది. నిన్న నూట ముప్పై నాలుగు, ఎనభై రెండు. తలనొప్పి పోయింది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది కూడా బేరమే అవుతుంది. రోజూ వేసినా వచ్చి ఉండేదేమోనని చిన్ని ఒకసారి, నా వైపు చూడకుండా, అంది. నిజమే కావచ్చు. ఆ తగ్గింపు మాత్రం నేను తీసుకోను.

ఇక బిల్లు. నెలకి పదిహేను చొప్పున పద్నాలుగు నెలలు. డాక్టరు దగ్గరికెళ్ళే ముందు అదనంగా వేసినవి ఒక ఇరవై తీసెయ్యండి. నూట తొంభై మాత్రలు నేను మిగిల్చాను. దానికి బదులు ఆమె చెల్లించింది: కుడిచెయ్యి, కుడికాలు, ఉన్న మాటలన్నీ, మూడేళ్ళ రెండు నెలలు. నా వంతు ఒక్క అబద్ధం.

మొదటి మాటే అసలు మాట.