కొసరుకు కమీషను లేదు

నేనొకసారి పరాయి మనిషి పెట్టె తెరిచి చూశాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు, అమ్మ చదువుతుందని.

అప్పుడు నేను చిలకలపూడిలో ఒక రోల్డుగోల్డు గాజుల కార్ఖానాలో బిల్లులు రాసేదాన్ని. యజమానిని మావయ్యగారు అనేదాన్ని, చుట్టరికం ఏమీ లేదు. వెనక గదిలో ఆరుగురు పనివాళ్ళు, ముందు గదిలో ఆయనా నేనూ. నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ మిగిలిన మాటలన్నీ మా ఏజెంటుగారు మాట్లాడేవారు.

ఏజెంటుగారు రేకుపెట్టె నిండా గాజులు పెట్టుకుని బస్సెక్కి ఒక వారం గుడివాడ వైపు, ఒక వారం దివిసీమ వైపు వెళ్ళి ఫ్యాన్సీ షాపులకు వేసి వచ్చేవారు. ప్రతి ఊళ్ళోనూ ఆయనకు ఒక బావగారు ఉండేవారు. ఆ బావగారి భార్య చెల్లెమ్మ. చెల్లెమ్మ అడిగితే తగ్గించక తప్పదు. ఉప్పెన తర్వాత దివిసీమలో కోడూరు వైపు ధర తగ్గించమని మావయ్యగారే చెప్పారు, అది న్యాయమే. కానీ ఆ తగ్గింపు అక్కడితో ఆగక, బస్సెక్కి ముదినేపల్లి మీదుగా గుడివాడ దాకా వచ్చేసింది.

డజను గాజుల ధర ఇరవై రూపాయలు. అంటే వంద రూపాయలకు అయిదు డజన్లు. అవి తయారవడానికి మాకు డెబ్భై అయిదు అయ్యేది. ఏజెంటుగారికి అమ్మినదాని మీద నూటికి అయిదు. ఒకరోజు బిల్లులు రాస్తూ ఊరికే లెక్క వేశాను. వందకు అమ్మితే ఆయనకు అయిదు, మాకు ఇరవై. ఎనభై అయిదుకు అమ్మితే ఆయనకు నాలుగూ పావలా, మాకు అయిదూ ముప్పావలా. తగ్గించినందువల్ల ఆయనకు పోయేది ముప్పావలా. మాకు పోయేది పద్నాలుగూ పావలా. ముప్పావలాకు ఒక చెల్లెమ్మ దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు?

మావయ్యగారికి కూడా నష్టం తెలుస్తోంది గానీ ఆయన మందు వేరు.

"కమీషను రెట్టింపు చేస్తాను. నూటికి పది. డబ్బు చూస్తే మనిషికి బేరం మీద పట్టు వస్తుంది," అన్నారు.

నాకు చెప్పాలనిపించింది. బిల్లు పుస్తకం తెరిచి మర్నాటి తేదీ వేశాను.

ఆ వారం ఏజెంటుగారు ఖాళీ పెట్టె ఊపుకుంటూ వచ్చారు. అన్నీ ఎనభై అయిదు లెక్కనే. వందకు ఆయనకు వచ్చేది పదైతే, ఎనభై అయిదుకు ఎనిమిదిన్నర. రెట్టింపు అమ్మితే పదిహేడు. మాకు మిగిలింది అయిదు డజన్లకు రూపాయిన్నర.

"బావా, నీ చేతి చలవ. సరుకు నీళ్ళలా పోయింది," అన్నారు ఏజెంటుగారు కుర్చీలో కూలబడుతూ. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

"నీళ్ళలాగే పోయింది," అన్నారు మావయ్యగారు.

ఆయన వెళ్ళాక మావయ్యగారు చాలాసేపు బల్ల మీది సిరాబుడ్డిని అటూ ఇటూ జరిపారు. "డజనుకు ముప్పై పైసలు కూడా ఒక లాభమా? ఇంకో రెండు ట్రిప్పులు చూస్తానమ్మా. ఇలాగే ఉంటే బావని మాన్పించెయ్యాల్సిందే."

ఆయన మానేస్తే నాకూ నష్టమే. ఏజెంటుగారు మాకు గుడివాడ బస్టాండు నుంచి తిరిగి ఇవ్వనక్కరలేని పత్రికలు తెచ్చిపెట్టేవారు. అదొక్కటే కాదు, ఆయన కూతురికి ఆ కమీషనుతోనే చదువు నడుస్తోంది. ఆ మనిషి చెడ్డవాడు కాదు, లెక్క చెడ్డది.

మర్నాడు పాడైన బిల్లు కాగితం వెనక రాసి మావయ్యగారి సిరాబుడ్డి కింద పెట్టాను. అయిదు డజన్లకు ఎనభై రూపాయలు అట్టడుగు ధర. ఎనభైకి పైన వచ్చే ప్రతి రూపాయిలోనూ ముప్పై పైసలు ఆయనవి. వందకు అమ్మితే ఆరు రూపాయలు, అంటే మొదటిదానికంటే ఎక్కువే. తొంభైకి అమ్మితే మూడు. ఎనభై అయిదుకు రూపాయిన్నర. ఎనభైకి అమ్మితే చెల్లెమ్మ నవ్వు ఒక్కటే.

మావయ్యగారు రెండుసార్లు చదివి, "ఎవరు రాశారిది?" అన్నారు. గదిలో ఇద్దరమే ఉన్నాం. నేను తల వంచుకున్నాను. ఆయన దాన్నే తన మాటగా ఏజెంటుగారికి చెప్పారు.

"అంటే నేను తగ్గిస్తే నా జేబులోంచే తగ్గుతుందన్నమాట," అన్నారు ఏజెంటుగారు.

"కొంచెం నీదీ, ఎక్కువ నాదీ," అన్నారు మావయ్యగారు.

మొదటి ట్రిప్పుకే బిల్లులన్నీ పూర్తి ధరకు వచ్చాయి. ఇరవై నాలుగు డజన్లు, నాలుగువందల ఎనభై రూపాయలు. కమీషను ఇరవై ఎనిమిదీ ఎనభై పైసలు. మావయ్యగారు నాకు సోడా తెప్పించారు. మిగిలిన సరుకు ఎంతో ఏజెంటుగారు చెప్పలేదు. "మిగతాది పెట్టెలో ఉంది" అన్నారంతే. మా దగ్గర వచ్చిన మనిషి ఎదుట పెట్టె లెక్కపెట్టడం మర్యాద కాదు.

ఆయన టీకి వెళ్ళారు. మావయ్యగారు వెనక గదిలోకి వెళ్ళారు. నేను పెట్టె తెరిచాను.

తీసుకెళ్ళింది నలభై డజన్లు. పదహారు ఉండాలి. పన్నెండే ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టాను. నాలుగు డజన్లు అంటే ఇరవై నాలుగు జతలు. బిల్లులో ఇరవై నాలుగు డజన్లు. అప్పుడర్థమైంది. ధర తగ్గించలేదు, డజనుకు ఒక జత కొసరు వేశారు. మా వైపు కొసరు లేకుండా కూరగాయలమ్మి కూడా తక్కెడ దించదు. ఆయన దృష్టిలో అది తగ్గింపు కాదు, మర్యాద.

ఈసారి కాగితం చిన్నది: "కమీషను బిల్లును బట్టి కాదు, కొసరుతో సహా పెట్టెలోంచి కదిలిన గాజును బట్టి." అంకెలు మాత్రం నా మనసులోనే వేసుకున్నాను: కదిలినవి ఇరవై ఎనిమిది డజన్లు. అట్టడుగు ధర పదహారు చొప్పున నాలుగువందల నలభై ఎనిమిది. పైన మిగిలింది ముప్పై రెండు. అందులో ఆయన వంతు తొమ్మిదీ అరవై పైసలు.

"కొసరు సంగతి నీకెలా తెలిసిందమ్మా?"

"అందరూ అడుగుతారు కదండీ," అన్నాను. అబద్ధం కాదు.

మావయ్యగారు జరిగిన ట్రిప్పు జోలికి పోలేదు. ఇకనుంచి వెళ్ళేటప్పుడూ వచ్చాకా పెట్టె లెక్కపెడతామన్నారు.

"కొసరు లేకుండా గాజులు ఎవడు కొంటాడు బావా? నలుగురిలో నన్ను పిసినారి అంటారు."

"వెయ్యి. నేను వద్దనలేదు. నీ ముప్పై పైసల్లోంచి కూడా కాస్త పోతుంది, అంతే."

"ఇదేదో అల్లుడికి పెట్టిన ఆంక్షలా ఉంది."

మావయ్యగారు చూస్తానన్న రెండు ట్రిప్పుల్లో ఇది రెండోది. దివిసీమ వైపు. ఆయన వచ్చేదాకా ఆ వారంలో నేను డైరీలో ఒక్క మాటే రాశాను: తక్కువ ఉంటే తప్పు నాదే.

శనివారం మధ్యాహ్నం వచ్చారు. పెట్టె తనే తెరిచి, లెక్కపెట్టమని నా ముందుకు తోశారు. తీసుకెళ్ళింది ఈసారీ నలభై డజన్లే. బిల్లులు ఇరవై డజన్లకు, పూర్తి ధరకు. పెట్టెలో ఇరవై డజన్లకు ఒక్క జత తక్కువ.

"కోడూరులో మా చెల్లెమ్మకి," అన్నారు. "మిగతా ఊళ్ళన్నిట్లో నవ్వి ఊరుకున్నాను. నా మొహం నాకే కొత్తగా ఉందమ్మా. ఆ ఒక్క జతకీ డబ్బు నేనే కడతాను, రాయి."

వెనక నుంచి మావయ్యగారు ఆ మాట విన్నారు. "వచ్చే వారం గుడివాడకు పెట్టె సర్దించమ్మా, బావ వెళ్తాడు," అని లోపలికి పోయారు.

నేను మూడు రూపాయల ముప్పై మూడు పైసలు అన్నాను. ఆయన జేబులో చెయ్యి పెట్టి, మావయ్యగారు పోయిన గుమ్మం వైపు ఒకసారి చూసి, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించారు.

"మనలో మన మాట. కాస్త తగ్గించి రాయమ్మా."